గార్డు "ఊరికే చూసేశాడు" అంటున్నారు: చాటుగా వెళ్లే ఆటలో వెలుతురు, చప్పుడు లెక్క ఎక్కడ తప్పుతోంది?

కాగడా_గరివిడి

అందరికీ నమస్కారం. నేనూ, మా మేనత్త కొడుకూ కలిసి గోడోలో ఒక 3డి ఆట చేస్తున్నాం. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడిపోయాక తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు గుడారంలోకి చొరబడ్డ ఘట్టం అందరికీ తెలిసిందే కదా, ఆ ఒక్క రాత్రే మొత్తం ఆట. దండు విడిసిన మైదానం, గుడారాలు, కాగడాలు, కాపలా సిపాయిలు. ఎవరినీ కొట్టకుండా చాటుచాటుగా లోపలికి వెళ్లాలి.

ప్రతి సిపాయి తల మీద ఒక మీటర్ ఉంటుంది. 0 నుంచి 1 దాకా నిండుతుంది, నిండితే పట్టుబడినట్టే. సెకనుకు ఎంత నిండాలన్నది ఇలా లెక్కేస్తున్నాం:

```
rate = 2.0 * light * (1.0 - d / 16.0) * posture
```

`d` అంటే సిపాయికీ మనకీ దూరం, మీటర్లలో. నిలబడితే `posture` 1, వంగి నడిస్తే 0.6. ఇది కాక, అడుగు చప్పుడు సిపాయికి వినబడితే మీటర్‌కి ఒకేసారి 0.3 కలుపుతున్నాం.

విజయనగరంలో మా జూనియర్ల చేత ఆడించాం. రెండో గుడారం పక్కన దాదాపు అందరూ దొరికిపోతున్నారు. దొరికినందుకు కాదు బాధ, "చీకట్లోనే ఉన్నాను, వాడు ఊరికే చూసేశాడు" అంటున్నారు. మీటర్ కళ్లెదుటే ఉంది, అయినా అన్యాయం అనిపిస్తోందట. ఏం మార్చాలి?

పాలకొండ_ప్లేయర్

సింపుల్ బ్రో. 2.0 తీసి 1.0 పెట్టు. మీటర్ నెమ్మదిగా నిండితే ఎవరూ అన్యాయం అనరు. నా ఆటలో అదే చేశాను, కంప్లయింట్లు ఆగిపోయాయి.

డీజే_సాలూరు

టైటిల్‌లో చప్పుడు, పోస్టులో మీటర్ అని చూసి వచ్చాను. పండగ ఊరేగింపులకి మేం సౌండ్ బాక్సులు పెడతాం. చప్పుడు కొలిచే మీటర్ కావాలంటే మంచిది కొనండి, ఫోన్‌లో యాప్‌ని నమ్మొద్దు. బడ్జెట్ ఎంతో చెప్తే మోడల్ చెప్తాను.

కాగడా_గరివిడి

@డీజే_సాలూరు అన్నా, ఇది ఆటలో మీటర్. కొనేది కాదు. 🙂

@పాలకొండ_ప్లేయర్ ఆ పని ముందే చేసి చూశాం. రెండో గుడారం దగ్గర గొడవ కొంచెం తగ్గింది. కానీ మిగతా చోట్ల సిపాయిలు గుడ్డివాళ్లలా ఉన్నారు. కాగడా వెలుగులో నాలుగు మీటర్ల దూరాన నిలబడినా తాపీగా చూస్తూ ఉంటారు. మా మేనబావ అయితే సిపాయి ఎదుట గంతులేసి చూపించాడు.

నాగావళి_తీరం

పాలకొండ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. నిండే వేగం తగ్గిస్తే కోపం తగ్గుతుంది. కానీ ఇక్కడ జనం "తొందరగా పట్టేశాడు" అనడం లేదు, "చీకట్లో ఉంటే పట్టేశాడు" అంటున్నారు. ఆ రెండూ వేరు. ఆడేవాడి కంటికి కనిపించే చీకటి ఒకటి, నీ కోడ్ లెక్కేసే చీకటి ఇంకొకటి అయితే ఏ వేగం పెట్టినా అన్యాయంగానే ఉంటుంది.

ముందు ఒక పని చెయ్యి. `light` విలువని పాత్ర తల మీద అంకెగా రాయించు. రెండో గుడారం పక్కన, వాళ్లు దొరికిపోయే చోటే, వంగి కదలకుండా నిలబడు. స్క్రీన్‌షాట్ తీసి అంకెతో సహా ఇక్కడ పెట్టు. `light` లెక్కించే ఫంక్షన్ కూడా పెట్టు. అది చూడకుండా ఎవరేం చెప్పినా గాలిలో దీపమే.

కాగడా_గరివిడి

ఇదిగో అక్కా. ఆ చోట తెర మీద దాదాపు నల్లగా ఉంది, అంకె మాత్రం 0.62 చూపిస్తోంది! పక్క గుడారం వెనక, అంతే చీకట్లో, 0.08.

```gdscript
func light_at(p: Vector3) -> float:
	var total := 0.0
	var space := get_world_3d().direct_space_state
	for l in lamps:
		var d := p.distance_to(l.global_position)
		if d > l.omni_range:
			continue
		var q := PhysicsRayQueryParameters3D.create(
			p, l.global_position, LIGHT_MASK)
		if space.intersect_ray(q).is_empty():
			total += l.light_energy * (1.0 - d / l.omni_range)
	return clampf(total, 0.0, 1.0)
```

`p` అంటే పాత్ర నడుము దగ్గరి చుక్క.

నాగావళి_తీరం

రెండో గుడారం బట్ట ఏ కొలిజన్ లేయర్ మీద ఉంది? `LIGHT_MASK`లో ఆ లేయర్ ఉందా?

కాగడా_గరివిడి

లేదు... రెండో గుడారంలో లోపల దీపం పెట్టాం, మనుషుల నీడలు బట్ట మీద పడాలని. అందుకని దాని బట్టని వెలుతురు లేయర్ నుంచి తీసేసి చూపు లేయర్‌లో మాత్రమే ఉంచాం. కర్రలు మాత్రం రెండింట్లోనూ ఉన్నాయి. అంటే అవతల పక్కనున్న కాగడా నుంచి కిరణం బట్టలోంచి దూసుకొచ్చేస్తోంది, గ్రాఫిక్స్‌లో మాత్రం నీడ పడుతోంది.

నాగావళి_తీరం

దొరికింది. ఇప్పుడు అంకెలు వేసి చూడు, నీ జూనియర్లు ఎందుకు తిట్టారో తెలుస్తుంది. సిపాయి 8 మీటర్ల దూరంలో ఉన్నాడనుకో. దూరం వంతు 0.5, వంగి ఉన్నాడు కాబట్టి 0.6. కోడ్ అనుకునే వెలుతురు 0.62తో సెకనుకు 0.37 నిండుతుంది, అంటే రెండున్నర సెకన్లు దాటగానే దొరికాడు. తెర మీద కనిపించే చీకటికి తగ్గట్టు 0.1 అయి ఉంటే సెకనుకు 0.06, పదహారు సెకన్లు పట్టేది. ఆడేవాడు మనసులో పదహారు సెకన్లు ఉన్నాయనుకున్నాడు, నువ్వు మూడు కూడా ఇవ్వలేదు.

బట్టని మొత్తం గోడలా చెయ్యక్కర్లేదు. కిరణం బట్టకి తగిలితే ఆ దీపం వెలుతురులో అయిదో వంతు మాత్రం కలుపు. లోపలి దీపం వెలుగు బయటికి కాస్త వస్తుంది, అవతలి కాగడాది బాగా తగ్గిపోతుంది.

ఇంకొకటి. నడుము దగ్గర ఒక్క చుక్క చాలదు. పాదం, నడుము, తల మూడుచోట్లా చూసి సగటు తీసుకో. లేకపోతే తల వెలుగులో పెట్టి నడుము నీడలో దాచినవాడు మాయమైపోతాడు, అదీ తెలిసిపోతుంది.

పార్వతీపురం_పద్మ

నా ఆట మొబైల్‌ది, 2డి. నేను ఇంత లెక్క పెట్టుకోలేదు. వెలుగులో ఉన్నావా లేదా, రెండే. మార్క్ ఆఫ్ ది నింజా 2012లోనే అలా చేసింది. చీకట్లో ఉంటే పాత్ర నల్లటి ఆకారంలా ఉంటుంది, వెలుగులోకొస్తే రంగులు వస్తాయి. చప్పుడు చేస్తే అది ఎంత దూరం పోతుందో గుండ్రటి గీతగా కనిపిస్తుంది. ఎవరికీ డౌట్ ఉండదు. మీ 0.62లూ 0.08లూ ఆడేవాళ్లకి ఎలా తెలుస్తాయి?

నాగావళి_తీరం

@పార్వతీపురం_పద్మ మంచి ప్రశ్న. 2డిలో పక్కనుంచి చూస్తాం కాబట్టి వెలుగు అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది, అక్కడ రెండే స్థితులు బాగా నప్పుతాయి. 3డిలో కాగడా వెలుగు మెల్లగా పలచబడుతుంది, అంచు ఎక్కడో కంటికి తెలియదు. ఆ అంచు మీద ఒక్క అడుగు తేడాతో "చీకటి" కాస్తా "వెలుగు" అయిపోతే మళ్లీ అదే తిట్లు. అందుకే 1998లో థీఫ్ తెర కింద ఒక వెలుతురు రాయి పెట్టింది. మనం ఎంత కనబడుతున్నామో దాన్ని బట్టి అది మెరుస్తుంది, మసకబారుతుంది. కాగడా తమ్ముడు అలాంటిదేదో ఒకటి పెట్టాల్సిందే. సిపాయి మీటర్ జరిగిపోయినది చెబుతుంది. జరగబోయేది చెప్పడానికి ఇంకోటి కావాలి.

కాగడా_గరివిడి

బట్ట లేయర్ సరిచేశాం, మూడు చుక్కలు పెట్టాం, కింద ఒక ప్రమిద బొమ్మ పెట్టాం. మన మీద వెలుతురు ఎంతుంటే ప్రమిద అంత వెలుగుతుంది. కానీ ఇప్పుడు కాగడా దగ్గర ఆ ప్రమిద పిచ్చిపట్టినట్టు ఎగిరెగిరి పడుతోంది.

నాగావళి_తీరం

కాగడా మంట ఊగడానికి `light_energy`ని స్క్రిప్టులో మారుస్తున్నావు, లెక్కలో కూడా అదే వాడుతున్నావు. ప్రతి కాగడాకి `base_energy` అని వేరే అంకె పెట్టి లెక్కకి అది వాడు. ఊగడం కంటికి మాత్రమే. అదృష్టం బాగోలేక మంట పెద్దదైన క్షణంలో దొరికిపోవడం కూడా అన్యాయమే.

పాలకొండ_ప్లేయర్

సరే, వెలుతురు అయింది. చప్పుడు సంగతో? దానికి నావ్‌మెష్ దారి వాడాలి బ్రో, ఇది మాత్రం నాకు గట్టిగా తెలుసు. తిన్నగా దూరం కొలిస్తే గోడ అవతలివాడికి కూడా వినబడిపోతుంది. `NavigationServer3D.map_get_path` పిలిచి ఆ దారి పొడవు తీసుకో. చప్పుడు గుమ్మాల గుండా తిరిగి వచ్చినట్టే ఉంటుంది.

నాగావళి_తీరం

కోటలో అయితే నువ్వు చెప్పిందే నూటికి నూరు పాళ్లు. రాతి గోడకి అవతల అడుగు చప్పుడు వినబడటం ఎంత అన్యాయమో, తలుపు తెరిచి ఉంటే వినబడకపోవడం అంత వింత. కానీ ఇది గుడారాల మైదానం. బట్ట చూపుని ఆపుతుంది, చప్పుడుని ఆపదు. గుడారం చుట్టూ తిరిగొచ్చే దారి 20 మీటర్లుంటే, ఆటలో ఎండుటాకులు తొక్కినా బట్టకి ఆనుకుని కూర్చున్న సిపాయికి వినబడదు. ఆడేవాడు నవ్వుతాడు. ఇక్కడ తిన్నటి దూరమే వాడి, మధ్యలో ఒక్కో బట్టకి కొంచెం తగ్గించడం మేలు.

డీజే_సాలూరు

మీ గోల మొత్తం చదివాను, ఇప్పుడు అర్థమైంది. 😄 ఒక మాట చెప్పనా. బయలు మైదానంలో దూరం రెట్టింపు అయితే చప్పుడు 6 డెసిబెల్స్ పడిపోతుంది, అది మాకు రోజూ తెలిసే లెక్క. కానీ వినబడుతుందా లేదా అన్నది దాని మీద ఒక్కటే లేదు. చుట్టూ గోల ఎంతుందన్నది ముఖ్యం. సిరిమాను జాతరలో పక్కనోడు అరిచినా వినబడదు, అర్ధరాత్రి ఊళ్లో కుక్క తోక ఊపినా వినబడుతుంది. మీ దండులో ఏనుగులు, గుర్రాలు ఉండవా? జాము జాముకీ గంట కొట్టరా? గంట మోగుతున్నప్పుడు నాలుగు అడుగులు గబగబా వేసెయ్యొచ్చు కదా.

నాగావళి_తీరం

@డీజే_సాలూరు అన్నా, మీరు తప్పు గదిలోకి వచ్చి సరైన మాట చెప్పారు. 2005లో వచ్చిన స్ప్లింటర్ సెల్: కేయాస్ థియరీ ఇదే చేసింది. చప్పుడు మీటర్ మీదే చుట్టుపక్కల గోల ఎంతుందో ఒక గుర్తు ఉంటుంది. మన చప్పుడు ఆ గుర్తు దాటకపోతే ఎవరికీ వినబడదు.

తమ్ముడూ, ఆటలో ఇది తేలికే. ఎండుటాకుల మీద నడిస్తే చప్పుడు 10 మీటర్లు పోతుందనుకో. జాము గంట మోగే రెండు మూడు సెకన్లూ దాన్ని 3 మీటర్లకి తగ్గించు. గంట కొట్టేవాడు కర్ర పైకెత్తడం ముందే కనబడాలి, అప్పుడే ఆడేవాడు కాచుకుని కూర్చుంటాడు.

అయితే అసలు తప్పు నీ 0.3లో ఉంది. రెండు అడుగులు వినబడితే 0.6 అయిపోయింది. మిగిలిన 0.4 ఆ దొంగ వెలుతురుతో ఒక్క సెకనులో నిండింది. నీ జూనియర్లు పట్టుబడింది అందుకే. చప్పుడు ఎప్పుడూ పట్టించకూడదు, అనుమానం మాత్రమే పుట్టించాలి. నేనైతే చప్పుడుని మీటర్‌లోనే కలపను. విన్న సిపాయి ఆ చోటుకి తిరిగి "ఎవుడ్రా అది?" అంటాడు, అంతే. ఆపైన వెలుతురూ చూపూ తేల్చుకుంటాయి.

కాగడా_గరివిడి

అక్కా, అస్సలు కలపకపోతే ఆకుల మీద పరిగెత్తినా ఏమీ కాదేమోనని ఆడేవాళ్లకి అలుసైపోతుంది. చప్పుడు వల్ల మీటర్ 0.5 దాకా మాత్రమే పోయేలా పెట్టాను. ఆ పైన ఎన్ని అడుగులు వేసినా చప్పుడు దాన్ని పెంచదు, చూపే పెంచాలి. సగానికి చేరగానే సిపాయి అరుస్తాడు.

నాగావళి_తీరం

నాకింకా వేరుగా ఉంచడమే ఇష్టం, కానీ ఇదీ నడుస్తుంది. అలాగైతే అరుపు తర్వాత ఎంత సమయం ఇస్తున్నావో చూసుకో. అరుపు విని మనిషి వేలు కదలడానికి పావు సెకను పడుతుంది. నీ ఆటలో వంగి నడిచే వేగం ఎంత?

కాగడా_గరివిడి

సెకనుకు 1.5 మీటర్లు.

నాగావళి_తీరం

దగ్గర్లో ఉన్న నీడ మీటరున్నర దూరంలో ఉంటే అక్కడికి పోవడానికి ఒక సెకను. పావు సెకను కలిపితే 1.25. అంటే సగం నుంచి నిండే దాకా కనీసం అంత ఉండాలి. మొత్తం కాగడా వెలుగులో 8 మీటర్ల దగ్గర నిలబడినవాడికి నీ లెక్కలో సెకనుకు 1 చొప్పున నిండుతోంది, అరుపు తర్వాత అర సెకనే. అరిచేలోపే పట్టేసినట్టు. సగం దాటాక వేగం ఎంత వచ్చినా 0.4 మించకుండా కత్తిరించు. అప్పుడు ఆ రెండో సగానికి సరిగ్గా 1.25 పడుతుంది. సిపాయికి రెండు మీటర్ల లోపలికి వస్తే మాత్రం ఈ దయ అక్కర్లేదు.

దీనికి ఒక షరతు ఉంది. వెలుగులో నడిచే దారి పొడుగునా మీటరున్నరలో ఏదో ఒక నీడ ఉండాలి. లేని చోట ఈ అంకె పనిచెయ్యదు, అక్కడ బండి చక్రమో గడ్డి మోపో పెట్టు.

పార్వతీపురం_పద్మ

గడ్డి మోపు అనగానే గుర్తొచ్చింది. ఎండుటాకులు ఎక్కడున్నాయో చీకట్లో కనబడుతున్నాయా? తొక్కాక తెలిస్తే ఏం లాభం?

కాగడా_గరివిడి

కనబడటం లేదు. 😬 నీడలో నేలా ఆకులూ ఒకే రంగు.

పార్వతీపురం_పద్మ

మరి అదీ వెలుతురు గొడవలాంటిదే కదా. నీడలో నేలకంటే ఆకులు ఒక మెట్టు తెల్లగా ఉండాలి. లేదా అంచు దగ్గర మొదటి అడుగుకి చిన్న చప్పుడు వచ్చి, సిపాయికి వినబడకుండా ఉండాలి. ఆ అడుగుతో ఆడేవాడికి తెలిసిపోతుంది, వెనక్కి తగ్గుతాడు.

బొబ్బిలి_మాస్టారు

చరిత్ర వైపు నుంచి ఒక మాట. రాజు గుడారం చుట్టూ కాపలా ఉన్నా పాపారాయుడు లోపలికి వెళ్లగలిగాడంటే, కాపలావాళ్లు యుద్ధం అయిపోయిందన్న ధీమాలో ఉన్నారని అనుకోవచ్చు. మీ సిపాయిలు మొదట్లో ఏమరుపాటుగా ఉండటం తప్పేం కాదు. ఇంకో సంగతి, బొబ్బిలి పిల్లలు ఆడితే ఒక రకంగా, విజయనగరం పిల్లలు ఆడితే ఇంకో రకంగా తిడతారు. దానికి ఏ మీటరూ పనిచెయ్యదు.

కాగడా_గరివిడి

😂 మాస్టారూ, మాకు రెండు ఊళ్లలోనూ చుట్టాలున్నారు.

మార్పులన్నీ పెట్టి మళ్లీ ఆడించాం. రెండో గుడారం దగ్గర తిట్లు పోయాయి. ఇప్పుడు దొరికినవాళ్లు "గంట కోసం ఆగాల్సింది", "ఆకులు చూసుకోలేదు" అంటున్నారు. కొత్త గొడవ రాజు గుడారం గుమ్మం దగ్గర మొదలైంది. అక్కడ ఇద్దరు సిపాయిలు. ఒక్కొక్కడి మీటర్ విడిగా నిండుతోంది కాబట్టి ఇద్దరు చూస్తున్నా ఒక్కడు చూసినట్టే ఉంది. ఇద్దరివీ కలిపితే మరీ ఘోరంగా ఉంది, అరుపుకి ముందే నిండిపోతోంది.

పాలకొండ_ప్లేయర్

కలపాల్సిందే. నాలుగు కళ్లు రెండు కళ్లకంటే ఎక్కువ చూస్తాయి కదా.

నాగావళి_తీరం

కలపకు. ఎవడి మీటర్ ఎక్కువుంటే అదే తీసుకో. ఒకడి తల మీద సగం, ఇంకొకడి తల మీద సగం కనబడుతుంటే ఆడేవాడు ఇంకా సమయం ఉందనుకుంటాడు. లోపల మాత్రం నిండిపోయి ఉంటుంది. కనబడని లెక్క మళ్లీ వచ్చింది చూడు. కావాలంటే ఒకడు అరిచినప్పుడు రెండోవాడు అటు తిరిగేలా చెయ్యి, అప్పుడు వాడి మీటర్ వాడి చూపుతోనే నిండుతుంది.

పాలకొండ_ప్లేయర్

అప్పుడు ఇద్దరిని పెట్టి ప్రయోజనం ఏంటి బ్రో? గుమ్మం దగ్గర టెన్షన్ ఉండదు.

పార్వతీపురం_పద్మ

ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటేనే ఆ మాట. ఎదురెదురుగా నిలబెడితే ఒకడికి కనబడని నీడ ఇంకొకడికి కనబడుతుంది. టెన్షన్ అక్కడే ఉంది, కూడికలో కాదు.

కాగడా_గరివిడి

రెండు రకాలూ చేసి పెడతాను. ఒక బిల్డ్‌లో కూడిక, 0.4 కత్తిరింపుతో కలిపి. ఇంకో బిల్డ్‌లో ఎక్కువున్నదే లెక్క, సిపాయిలు ఎదురెదురుగా. ఎవరికైనా విండోస్ కాకుండా లినక్స్ బిల్డ్ కావాలంటే చెప్పండి, రెండూ అప్‌లోడ్ చేస్తాను.

డీజే_సాలూరు

నాకు విండోస్. గంట చప్పుడు నేను రికార్డ్ చేసి పంపనా? మీరు పెట్టింది గుడి గంటలా ఉంది, కంచు పళ్లెం మీద కర్రతో కొట్టినట్టు లేదు.